ఏబీఎస్ పెట్టెకు అసిటోన్ ఆవిరి: ఎంత పోయాలి, ఎక్కడ పెట్టాలి, కొలతలు ఎంత మారతాయి

ప్రశ్న: మాది శ్రీకాకుళం. నీళ్ల ట్యాంకు మట్టం చూపే చిన్న పరికరానికి త్రీడీ ప్రింటర్‌లో ఏబీఎస్ ప్లాస్టిక్‌తో పెట్టె, మూత తీశాను. పొరల గీతలు పోవాలంటే అసిటోన్ ఆవిరి పట్టించమన్నారు. రైస్ కుక్కర్‌లో వేడి చేస్తే పది నిమిషాల్లో అయిపోతుందని ఒక వీడియోలో చూశాను. ఇంట్లో చేయవచ్చా? మూత బిగువుగా కూర్చోవాలి, వైరు వెళ్లడానికి 8 మి.మీ. రంధ్రం కూడా ఉంది. కొలతలు ఎంత మారతాయి?

సమాధానం:

చేయవచ్చు, కానీ కుక్కర్‌తో కాదు, ఇంటి లోపల కాదు. మూత ఉన్న స్టీలు డబ్బాలో 20 మిల్లీలీటర్ల అసిటోన్‌తో, ఎటువంటి వేడీ లేకుండా, నీడగా ఉన్న డాబా మీదనో ఆరుబయట వరండాలోనో చేయండి. కొలతల విషయానికి వస్తే, పూర్తిగా ఆరిన తరువాత బయటి కొలత సుమారు 0.05 నుంచి 0.15 మి.మీ. వరకు తగ్గుతుంది, పదునైన అంచులు గుండ్రబడతాయి. మూత కూర్చునే భాగానికి ఆవిరి తగలకుండా కప్పి ఉంచాలి, రంధ్రాన్ని చిన్నదిగా ప్రింట్ చేసి చివర డ్రిల్లుతో సరిచేసుకోవాలి. నేను విజయనగరంలో చిన్న వర్క్‌షాపు నడుపుతున్నాను. మాకు వచ్చే ఏబీఎస్ పనుల్లో ఎక్కువ భాగం ఇటువంటి పెట్టెలే కాబట్టి, చేతికి తెలిసిన వివరాలు కొంత విస్తరించి రాస్తున్నాను.

ముందు కుక్కర్ సంగతి. అసిటోన్ 56 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అయితే మంట అంటుకోవడానికి అది మరగనక్కరలేదు. దాని ఫ్లాష్ పాయింట్, అంటే నిప్పు తగిలితే ఆవిరి అంటుకోగల కనీస ఉష్ణోగ్రత, సున్నా కంటే దాదాపు 20 డిగ్రీలు దిగువన ఉంటుంది, అంటే మన ఊళ్లలో ఏ కాలంలోనైనా, ఏ గదిలోనైనా అది అంటుకోవడానికి సిద్ధంగానే ఉంటుంది. రైస్ కుక్కర్‌లో హీటర్‌ను ఆపి, మళ్లీ కలిపే స్విచ్చు కాంటాక్టుల దగ్గర ప్రతిసారీ చిన్న నిప్పురవ్వ పుడుతుంది. మరుగుతున్న అసిటోన్ ఆవిరి మూత సందుల్లోంచి బయటికి వచ్చి, గాలి కంటే రెండింతలు బరువైనది కాబట్టి, కుక్కర్ అంచు వెంట సరిగ్గా ఆ స్విచ్చు ఉన్న చోటికే దిగుతుంది. వీడియోలో ప్రమాదం జరగకపోవడం ఆ రోజు గాలి ఎటు వీచిందన్న దాని మీద ఆధారపడిన విషయం. గ్యాసు పొయ్యి మీద గిన్నె పెట్టి చేసే పద్ధతి గురించి వేరే చెప్పనక్కరలేదు.

అసిటోన్ ఎంత పోయాలన్నదే అసలు జాగ్రత్త. చాలామంది సీసాలో ఉన్నదంతా డబ్బాలో పోస్తారు. ఎక్కువ పోసినంత మాత్రాన ఆవిరి చిక్కబడదు. ఒక ఉష్ణోగ్రత దగ్గర డబ్బాలోని గాలి ఎంత ఆవిరిని పట్టగలదో అంతే పడుతుంది, మిగిలినది అడుగున ద్రవంగా నిలిచి ఉంటుంది. 30 డిగ్రీల దగ్గర పది లీటర్ల డబ్బా నిండా ఆవిరి పట్టడానికి దాదాపు 11 మిల్లీలీటర్ల అసిటోన్ చాలు. వస్తువు పీల్చుకునేదీ, మూత సందుల్లోంచి పోయేదీ కలుపుకొన్నా 20 మిల్లీలీటర్లు, అంటే రెండు పెద్ద చెంచాల లోపు, సరిపోతాయి.

ఈ లెక్కను గదికి వర్తింపజేస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. మూడు మీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో 20 మిల్లీలీటర్లు మొత్తం ఆవిరైపోయినా, గది అంతా సమంగా కలిస్తే, పది లక్షల భాగాల గాలిలో సుమారు 250 భాగాల అసిటోన్ ఉంటుంది. అదే పావు లీటరు అయితే మూడు వేల భాగాలు దాటుతుంది. అమెరికాలో కర్మాగారాలకు చట్టం అనుమతించే ఎనిమిది గంటల సగటు వెయ్యి భాగాలే. వృత్తి ఆరోగ్య నిపుణుల సంఘం సిఫారసు చేసే పరిమితి అంతకంటే చాలా తక్కువ, 250 భాగాలు. గది సగటు ఇలా ఉన్నా ఆవిరి సమంగా కలవదు, నేల మీద పరుచుకుంటుంది. అందుకే నేను గదిలో చేయవద్దంటున్నాను. దేవుడి దగ్గర దీపం, దోమల చక్రం, పక్క గదిలో వంట పొయ్యి, ఫ్రిజ్ వెనకాల టక్కుమనే రిలే, ఇవన్నీ నేలకు దగ్గరగానో, ఆవిరి పారగలిగే దూరంలోనో ఉంటాయి.

మూత తీసే క్షణం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. గాలిలో అసిటోన్ ఆవిరి సుమారు 2.5 శాతం నుంచి 13 శాతం మధ్య ఉన్నప్పుడే అంటుకుంటుంది. మూత పెట్టి కొంత సేపైన డబ్బాలో అది 13 శాతం దాటి ఉంటుంది కాబట్టి, లోపల ప్రాణవాయువు చాలక మంట రాదు. మూత తీయగానే బయటి గాలి కలిసి, ఆ మిశ్రమం పలచబడుతూ సరిగ్గా అంటుకునే స్థితి గుండానే దిగివస్తుంది. అంటే పని అయిపోయిందనుకునే నిమిషమే ఎక్కువ ప్రమాదకరమైనది. అందువల్ల డబ్బాను పెట్టిన చోటే మూత తీసి, చేతిలో ఫోను గాని, స్విచ్చు గాని లేకుండా, గాలి ఎటు నుంచి వస్తోందో ఆ వైపుకు తప్పుకొని పది నిమిషాలు ఆగండి. ఆవిరి త్వరగా పోతుందని టేబుల్ ఫ్యాను తెచ్చి పక్కన పెట్టకండి. తడిసిన కాగితాలను చెత్తబుట్టలో వేయకుండా ఆరుబయట పరిచి, పూర్తిగా ఆరిన తరువాతే పారేయండి. మిగిలిన అసిటోన్‌ను సింకులో పోయకండి, వచ్చిన సీసాలోనే బిగించి ఉంచండి. దగ్గరలో ఒక బక్కెట్టు ఇసుకనో, పొడి రకం అగ్నిమాపకాన్నో ఉంచుకోండి. డబ్బాలోనే మంట వస్తే స్టీలు పళ్లెం బోర్లిస్తే చాలు.

చేతి తొడుగుల విషయంలో ఒక అపోహ ఉంది. ఆసుపత్రుల్లో వాడే నీలం రంగు నైట్రైల్ తొడుగుల గుండా అసిటోన్ కొద్ది నిమిషాల్లోనే చర్మానికి చేరిపోతుంది. బ్యూటైల్ రబ్బరు తొడుగులు నిలుస్తాయి, కానీ ఇక్కడి దుకాణాల్లో సులభంగా దొరకవు. కాబట్టి తొడుగును నమ్ముకోవడం కంటే అసలు తడి తగలకుండా పట్టకారుతో పని చేయడం మేలు, నైట్రైల్ తొడుగు మీద చిందితే వెంటనే తీసేయాలి. గుడ్డ మాస్కు గాని, ఎన్-95 గాని ఆవిరిని ఏమాత్రం ఆపలేవు. కళ్లద్దాలు తప్పనిసరి. వాటి పాలికార్బొనేట్ అద్దం మీద అసిటోన్ పడితే మసకబారి పగుళ్లు పడతాయి, అయినా కన్ను కంటే అద్దం చవక. కంట్లో పడితే పదిహేను నిమిషాలు నీళ్లతో కడిగి డాక్టరు దగ్గరకు వెళ్లండి. తల దిమ్మెక్కినట్టు అనిపిస్తే పని ఆపి గాలిలోకి వెళ్లండి. వాసన తగ్గిందని ఆవిరి తగ్గినట్టు కాదు, ముక్కు దానికి అలవాటు పడిపోతుంది.

అసిటోన్ కొనేటప్పుడు గోళ్ల రంగు తుడిచే ద్రవం కొనకండి, అందులో నీళ్లు, నూనెలు, సువాసనలు కలిసి ఉంటాయి. పెయింటు దుకాణంలో థిన్నర్ అడిగితే ఇచ్చేది వేరే మిశ్రమం. మన తీరంలో ఫైబర్ పడవలు చేసే వారు రెజిన్ అంటిన బ్రష్షులు కడగడానికి అసిటోన్ వాడతారు, కాబట్టి ఫైబర్ సామాను అమ్మే దుకాణాల్లో, ల్యాబు రసాయనాల దుకాణాల్లో శుద్ధమైనది అడగండి. అర లీటరు తీసుకుంటే ఎన్నో పెట్టెలకు వస్తుంది.

ఇక పద్ధతి. జంతికలు పోసుకునే పెద్ద స్టీలు డబ్బా ఒకటి ఈ పనికే కేటాయించండి, మళ్లీ వంటింట్లోకి తీసుకెళ్లకండి. లోపలి గోడల చుట్టూ టిష్యూ కాగితం ఒక వరుస నిలబెట్టి, చిన్న అయస్కాంతాలతో ఆనించండి. స్టీలుకు అయస్కాంతం అంటకపోతే బయటికి మడిచి క్లిప్పు పెట్టండి. పైకప్పుకు కాగితం పెట్టవద్దు, అక్కడి నుంచి ఒక్క చుక్క జారి వస్తువు మీద పడితే గుంట పడి మానదు. అసిటోన్‌ను కాగితానికే పట్టించండి, అడుగున మడుగు కట్టకూడదు. మధ్యలో చిన్న గిన్నె బోర్లించి, దాని మీద అల్యూమినియం రేకు పరిచి, వస్తువును ఎవరూ చూడని ముఖం కిందికి వచ్చేలా పెట్టండి. మూతకు బదులు మందపాటి అద్దం పలక పెడితే లోపల ఏం జరుగుతోందో కనిపిస్తుంది. బిగించకుండా ఊరికే ఆనించి ఉంచితే లోపల ఒత్తిడి పెరిగే భయం కూడా ఉండదు.

ఎంత సేపన్నది గడియారం చెప్పదు. 20 డిగ్రీల దగ్గర అసిటోన్ ఆవిరి పీడనం సుమారు 25 కిలోపాస్కల్స్ ఉంటే, 38 డిగ్రీల దగ్గర 52 దాకా పెరుగుతుంది. మన దగ్గర జనవరి ఉదయం ఒక గంటకు పైగా పట్టే పని మే నెలలో అరగంట లోపే అయిపోతుంది, రంగును బట్టి, కంపెనీని బట్టి ఇంకా మారుతుంది. అందుకే అదే ఫిలమెంటుతో వేలి పొడవు ముక్క ఒకటి ప్రింట్ చేసి, పెట్టెతో పాటు లోపల పెట్టి, దాన్ని చూస్తూ ఉండండి. ముందు ఉపరితలం తడి మెరుపు పట్టుతుంది, తరువాత పొరల గీతలు మసకబారడం మొదలవుతాయి. గీతలు ఇంకా లీలగా కనిపిస్తుండగానే బయటికి తీయాలి, ఎందుకంటే పీల్చుకున్న అసిటోన్ ఇంకా లోపలే ఉండి, బయటికి తీసిన తరువాత కూడా ఉపరితలాన్ని కొంత సేపు కరిగిస్తూనే ఉంటుంది. గీతలు పూర్తిగా పోయే వరకు ఆగితే అక్షరాలు, అంచులు కూడా వాటితో పాటే పోతాయి. ఆవిరి బరువుగా అడుగున చేరుతుంది కాబట్టి కింది సగం త్వరగా నునుపెక్కుతుంది, సగం సమయంలో వస్తువును ఒకసారి తిరగేయడం మంచిది. వర్షాకాలపు ముసురులో చేస్తే మరొక ఇబ్బంది ఉంది. అసిటోన్ ఎగిరిపోతూ ఉపరితలాన్ని చల్లబరచడం వల్ల గాలిలోని తేమ దాని మీద చేరి, ముఖ్యంగా నలుపు రంగు పెట్టెలకు, తెల్లని మసక పడుతుంది. పొడిగా ఉన్న పూట మళ్లీ కొద్ది నిమిషాలు ఆవిరి పట్టిస్తే చాలావరకు పోతుంది.

ఇప్పుడు కొలతలు ఎందుకు మారతాయో చూద్దాం. 0.2 మి.మీ. పొరలతో ప్రింట్ చేసిన గోడ దగ్గరగా చూస్తే వరుసగా పేర్చిన దుంగల గోడలా ఉంటుంది, దుంగల బొర్రలు, మధ్యలో సందులు. వెర్నియర్ పట్టుకునేది బొర్రలనే. ఆవిరి తగిలినప్పుడు బొర్రల మీది ప్లాస్టిక్ మెత్తబడి, తలతన్యత వల్ల సందుల్లోకి పారుతుంది, కాబట్టి పదార్థం ఏమీ పోకపోయినా వెర్నియర్ చూపే కొలత తగ్గుతుంది. ఇది చివరి మార్పు. దీనికి ముందు మరొక మార్పు ఉంది, అదే జనాన్ని తప్పుదారి పట్టిస్తుంది. డబ్బాలోంచి తీసిన వెంటనే పెట్టె అసిటోన్ పీల్చుకొని ఉబ్బి ఉంటుంది, అంటే ముందు పెరిగి, ఆరాక తగ్గుతుంది.

ఈ మధ్య మేము చేసిన ఒక పెట్టె లెక్క ఇది, మీ పెట్టెకు దగ్గరగానే ఉంటుంది. బయట 60 మి.మీ. పొడవు, 40 వెడల్పు, 25 ఎత్తు, గోడ 2 మి.మీ., పొర 0.2 మి.మీ. ప్రింట్ అయినప్పుడు పొడవు 60.06 మి.మీ., బరువు 14.2 గ్రాములు. ఆవిరి పట్టించి తీసి, మెరుపు చేతికి అంటకుండా గట్టిపడిన తరువాత మొదటిసారి కొలిచినప్పుడు పొడవు 60.16, బరువు 14.9. మరునాటికి 60.04, బరువు 14.5. బరువు 14.3 దగ్గర ఆగిపోయాక పొడవు 59.97. మొదటికీ చివరికీ తేడా 0.09 మాత్రమే, కానీ ఉబ్బినప్పటికీ ఆరినప్పటికీ మధ్య తేడా దాదాపు 0.2. బయటి నిలువు అంచుల మీద వేలు పెడితే మునుపటి పదును పోయి, సుమారు 0.3 మి.మీ. వ్యాసార్థంతో గుండ్రబడి ఉన్నాయి. మూత మీద చెక్కిన అక్షరాల్లో 1 మి.మీ. లోతువి నిలిచాయి, 0.4 మి.మీ. లోతువి పూడిపోయాయి.

అందుకే నేను బరువు తూచకుండా కొలత నమ్మను. బంగారం తూచే చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఉంటే చాలు. బరువు మొదటి అంకెకు దగ్గరగా వచ్చి అక్కడే నిలబడే వరకు వస్తువు ఆరలేదని అర్థం. 2 మి.మీ. గోడలకు దీనికి రెండు మూడు రోజులు పట్టవచ్చు, మందంగా ఉంటే ఇంకా ఎక్కువ. త్వరపెట్టడానికి ఓవెన్‌లో పెడితే పై చర్మం గట్టిపడి, లోపలి అసిటోన్ బుడగలై లేస్తుంది, పైగా మూసి ఉన్న వేడి పెట్టెలో మండే ఆవిరిని వదిలినట్టవుతుంది. నీడలో, గాలి ఆడే చోట వదిలేయడమే దారి.

మూతకు వస్తే, సాధారణంగా జరిగేది ఇలా ఉంటుంది. ఆవిరి పట్టించిన సాయంత్రం మూత పెట్టి చూస్తే ఎక్కదు, ఎందుకంటే పెట్టె, మూత రెండూ ఉబ్బి ఉన్నాయి. మనిషి గరుకు కాగితం తీసుకొని మూత పెదవిని, అంటే పెట్టెలోకి దిగే అంచును, రుద్ది ఎక్కిస్తాడు. మూడు రోజుల తరువాత అదే మూత గలగలా ఆడుతుంది. ఆరిన తరువాత పెదవి బయటి కొలత తగ్గుతుంది, పెట్టె లోపలి నోరు కొద్దిగా పెరుగుతుంది, కప్పకుండా చేస్తే మొత్తం వదులు 0.1 నుంచి 0.15 మి.మీ. వరకు పెరుగుతుంది. మెత్తగా ఉన్నప్పుడు మూత బిగించి వదిలేయడం ఇంకా పెద్ద చిక్కు, రెండు ఏబీఎస్ ముఖాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

కాబట్టి పెదవినీ, నోటి లోపలి అంచునూ కుళాయి మరలకు చుట్టే తెల్లని టెఫ్లాన్ టేపుతో రెండు మూడు వరుసలు కప్పండి. దానికి జిగురు ఉండదు, అసిటోన్ దాన్ని ఏమీ చేయదు. మామూలు సెలోటేపు, మాస్కింగ్ టేపుల జిగురు కరిగి ఏబీఎస్ మీద మరకగా మిగులుతుంది. పెదవికి సాగదీసి చుట్టండి, నోటి లోపలి అంచుకు అదే టేపును నాలుగు మడతలుగా మడిచి ఒత్తండి. అంచుల కింద కొంచెం ఆవిరి దూరుతుంది, ఆ గీత దగ్గర మెరుపు మారుతుంది గాని కూర్చునే ముఖం నిలుస్తుంది. ఇలా కప్పితే మీరు ఆవిరి లేకుండా మామూలుగా ఇచ్చే సందునే ఉంచవచ్చు. నేను ఒక్కో వైపు 0.15 మి.మీ. ఇస్తాను.

రంధ్రం సంగతి కొంచెం వేరు. ప్రింట్‌లోనే అది గీసిన దానికంటే చిన్నదిగా వస్తుంది, ఆవిరి పడితే మొదట ఇంకా ముడుచుకుంటుంది, ఆరాక దాదాపు తిరిగి వస్తుంది, కానీ నోటి అంచు జారి గరాటులా అవుతుంది. 3 మి.మీ. కంటే చిన్న రంధ్రాలయితే కొన్నిసార్లు పొర కట్టి మూసుకుపోతాయి. 8 మి.మీ. కోసం 7.5 గీయండి, బరువు నిలబడిన తరువాత 8 మి.మీ. డ్రిల్ బిట్టును చేత్తోనే తిప్పుతూ సరిచేయండి. మెషిన్ వేగానికి ఏబీఎస్ వేడెక్కి బిట్టుకు చుట్టుకుంటుంది. స్క్రూలు, ఇత్తడి ఇన్సర్టులు కూడా అప్పుడే పెట్టండి. అసిటోన్ ఇంకా లోపల ఉండగా స్క్రూ బిగిస్తే ఆ ఒత్తిడికి స్క్రూ చుట్టూ సన్నని పగుళ్లు వస్తాయి, అవి కొన్నిసార్లు వారం తరువాత గాని కనిపించవు.

చివరిగా ప్రింట్ సెట్టింగుల విషయం. గోడ 1.2 మి.మీ. కంటే పలచగా ఉంటే ఆవిరి రెండు వైపుల నుంచి నాని, ప్రింట్ అయినప్పుడు లోపల చిక్కుకున్న ఒత్తిడి విడుదలై గోడ వంగుతుంది. 0.4 నాజిల్‌తో కనీసం నాలుగు వాల్ లైన్లు పెట్టండి, అప్పుడు 2 మి.మీ. గోడకు ఇన్‌ఫిల్, అంటే లోపల నింపే జాలీ, దాదాపు ఉండదు. పై ముఖంలో సందులుంటే ఆవిరి లోపలికి వెళ్లి ఇన్‌ఫిల్‌ను కరిగిస్తుంది. పెట్టె బయటికి బాగానే ఉంటుంది, నాలుగైదు రోజులకు అక్కడ గుంట పడుతుంది. ప్రింట్ చల్లారేటప్పుడు ఏబీఎస్ సంకోచించడం వల్ల వచ్చే తేడాను ముందే స్లైసర్‌లో సరిచేసుకోండి, దాన్ని ఆవిరి లెక్కలో కలపకండి. మీ పెట్టె వేరే కేసులో కూర్చోవలసినది కాకపోతే బయటి కొలతను మార్చనక్కరలేదు. కూర్చోవలసినదైతే డిజైన్‌లో పొడవు, వెడల్పు 0.1 మి.మీ. పెంచి, మొదటి పెట్టె ఆరిన తరువాత వచ్చిన అంకెను బట్టి రెండవదానికి దిద్దుకోండి.